మిల్లీగ్రాములా, గ్రాములా? ఫొటోలోని విరేచనం మందులను చదవడం

తెనాలిలో ఉండే మా పెద్దమ్మకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఆవిడ తలగడ పక్కన పెట్టుకునే మందులన్నీ మంచం మీద పరిచి, వాళ్లబ్బాయి ఒక ఫొటో తీసి నాకు పంపాడు. "అక్కా, మోషన్ కోసం అమ్మ ఇవన్నీ వాడుతోంది. ఏది మంచిదో, ఏది కాదో చూసి చెప్పు" అని కింద రాశాడు. నేను ఫార్మసిస్టుని కాబట్టి చుట్టాల నుంచి ఇలాంటి ఫొటోలు తరచూ వస్తుంటాయి. ఈ ఫొటోలో మాత్రం మూడు రకాల విరేచనం మందులూ ఒకే మంచం మీద ఉన్నాయి. ఒక ఈసబ్‌గోల్ పొట్టు డబ్బా, లాక్టులోజ్ సిరప్ సీసా, చిన్న చిన్న పసుపు మాత్రల స్ట్రిప్పు, ఒక ఆయుర్వేద చూర్ణం డబ్బా. ఓ మూలగా బీపీ మాత్రలు, కాల్షియం మాత్రలు కూడా కనిపిస్తున్నాయి.

డబ్బా రంగునుబట్టో, కంపెనీ పేరునుబట్టో వీటిని పోల్చుకోవాలని చూస్తే పొరపాటు పడతాం. ఒకే పేరుతో వచ్చే సీసాల్లో కూడా, పేరు చివర ప్లస్ అని చేరితే లోపల ఇంకో మందు కలిసి ఉండొచ్చు. మామూలు సీసాలో మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, లిక్విడ్ పారఫిన్ మాత్రమే ఉంటే, ప్లస్ సీసాలో సోడియం పికోసల్ఫేట్ అనే మందు కూడా ఉండొచ్చు. అందుకే ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, కాంపోజిషన్ అని చిన్న అక్షరాలతో ఉన్న చోటు చూడాలి. అక్కడ మందు పేరు పక్కన ఉన్న కొలతే చాలావరకు సంగతి చెప్పేస్తుంది. కొలత గ్రాముల్లో ఉంటే ఆ మందు నీటిని పట్టి ఉంచి పనిచేసేదని అనుకోవచ్చు. మిల్లీగ్రాముల్లో ఉంటే అది పేగును ప్రేరేపించి కదిలించేదని అనుకోవచ్చు. నీటిని పట్టి ఉంచాలంటే సరుకు బాగా ఉండాలి. పేగు నరాలను మేల్కొలపడానికి చిటికెడు మందు చాలు.

ఈసబ్‌గోల్ గ్రాముల లెక్కలోది. రోజుకు 5 నుంచి 10 గ్రాముల దాకా వాడతారు. ఇది గుజరాత్, రాజస్థాన్‌లలో ఎక్కువగా పండే ఒక మొక్క గింజల పై పొట్టు. నీళ్లలో వేస్తే సబ్జా గింజల్లా ఉబ్బి జిగురుగా మారుతుంది. పేగులో కూడా జరిగేది అదే. అరగకుండా నీటిని పట్టుకుని, మలాన్ని మెత్తగా, పెద్దగా చేస్తుంది. మలం పరిమాణం పెరిగితే పేగు గోడ సాగుతుంది, సాగిన గోడ తనంతట తానే ముడుచుకుని ముందుకు తోస్తుంది. ఇలాంటి మందులను బల్క్ ఫార్మింగ్ రకం అంటారు. పని మొదలవడానికి సగం రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. రాత్రి వేసుకుని పొద్దున్నే ఫలితం రాలేదని డబ్బా పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. నిండు గ్లాసు నీళ్లు లేకుండా మింగితే గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి అడ్డుపడొచ్చు కాబట్టి, మింగడం కష్టంగా ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. పడుకునే ముందు కూడా వేసుకోకూడదు. మా పెద్దమ్మ దీన్ని అరగ్లాసు నీళ్లతో, పక్క మీద వాలే ముందే తాగుతోందట.

లాక్టులోజ్ కూడా గ్రాముల్లోనే ఉంటుంది. సీసా మీద 15 మిల్లీలీటర్లకు 10 గ్రాములని రాసి ఉంది. ఇది మన చిన్నపేగు అరిగించుకోలేని చక్కెర. అరగకుండా పెద్దపేగుకు చేరి, చుట్టూ ఉన్న నీటిని తన దగ్గరే నిలిపి మలాన్ని మెత్తబరుస్తుంది. ఈ రకాన్ని ఆస్మాటిక్ అంటారు. పేగులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను పులియబెడతాయి, అందుకే మొదటి రోజుల్లో కడుపుబ్బరం, గ్యాస్ ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో ఫలితం తెలుస్తుంది. ఈ రకంలోదే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. పెద్దలకు ఒక మోతాదు 17 గ్రాములు, గ్లాసు నీళ్లలో కలుపుకుని తాగాలి. గ్యాస్ తక్కువ, నెలల తరబడి వాడినా చాలామందికి ఇబ్బంది ఉండదు కాబట్టి, దీర్ఘకాలం మందు అవసరమైనవారికి డాక్టర్లు ఇప్పుడు ఎక్కువగా దీన్నే రాస్తున్నారు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కూడా ఆస్మాటికే, కొన్ని గంటల్లోనే పనిచేస్తుంది. కానీ కిడ్నీ సరిగా లేనివాళ్లలో మెగ్నీషియం ఒంట్లో పేరుకుపోతుంది. వాళ్లు దాన్ని సొంతంగా కొనుక్కోకూడదు.

ఇక పసుపు మాత్రలు. స్ట్రిప్పు వెనక బిసాకోడిల్ 5 మిల్లీగ్రాములని ఉంది. మిల్లీగ్రాములు అని చూడగానే ఇది స్టిమ్యులెంట్ రకమని నాకు అర్థమైంది. పేగు లోపలి పొరను, అక్కడి నరాలను రేపి పెద్దపేగు బలంగా ముడుచుకునేలా చేస్తుంది. పేగులోకి నీరు, లవణాలు వచ్చేలా కూడా చేస్తుంది. రాత్రి వేసుకుంటే 6 నుంచి 12 గంటల్లో, అంటే పొద్దునకల్లా పని పూర్తవుతుంది. ఆ నమ్మకమైన వేగమే దీన్ని అలవాటు చేస్తుంది. సోడియం పికోసల్ఫేట్, సెన్నోసైడ్లు కూడా ఈ కోవకే చెందుతాయి.

మాత్ర మీద ఉన్న పూత కడుపులో కరగకుండా పేగు దాకా మందును కాపాడుతుంది. పాలతోగానీ, యాంటాసిడ్‌తోగానీ వేసుకుంటే ఆ పూత ముందే కరిగి, కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది. అందుకే వాటికీ ఈ మాత్రకూ కనీసం గంట తేడా ఉండాలి, మాత్రను నమలకూడదు, విరవకూడదు. పెద్దమ్మకు ఫోన్ చేసి అడిగితే, పడుకునేముందు వేడి పాలతో రెండు బిసాకోడిల్ మాత్రలు, వాటితోపాటే కాల్షియం మాత్ర వేసుకుంటున్నానంది. ఆ కాల్షియం కార్బొనేట్ యాంటాసిడ్‌గా కూడా పనిచేస్తుంది. తెల్లవారుజామున కడుపు మెలిపెట్టడానికి కారణం అర్థమైంది. పైగా కాల్షియం మాత్రలు కొందరికి మలబద్ధకాన్ని కూడా తెస్తాయి.

గ్రాముల లెక్కకు చూర్ణం డబ్బా మినహాయింపు. చెంచాడు పొడి కొన్ని గ్రాములుంటుంది కాబట్టి ఈసబ్‌గోల్ లాంటిదే అనిపిస్తుంది. కాంపోజిషన్ చదివితే సునాముఖి ఆకు కనిపించింది. దీన్నే నేలతంగేడు అని కూడా అంటారు, సెన్నోసైడ్లు ఉండేది ఇందులోనే. ఆకు బరువు గ్రాముల్లో ఉన్నా, పనిచేసే పదార్థం అందులో మిల్లీగ్రాములే. అంటే పెద్దమ్మ ఒకే రాత్రి రెండు స్టిమ్యులెంట్లు వాడుతోంది. మూలికే కదా అని చూర్ణాన్ని ఆవిడ మందుల లెక్కలోనే వేయలేదు. ఆముదం కూడా ఈ కోవలోదే, దాన్ని మిల్లీలీటర్లలో కొలుస్తారు కాబట్టి పేరునుబట్టే గుర్తుపెట్టుకోవాలి.

అప్పుడోసారి, ఇప్పుడోసారి స్టిమ్యులెంట్ వాడితే భయపడాల్సిందేమీ లేదు. రోజూ వాడుతూ పోతేనే చిక్కు. మామూలుగా పొద్దున మోషన్‌కు వెళ్లినప్పుడు పెద్దపేగు చివరి భాగం మాత్రమే ఖాళీ అవుతుంది. స్టిమ్యులెంట్ వేస్తే ఇంకా పైదాకా ఊడ్చినట్టు ఖాళీ అవుతుంది. మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడు మోషన్ రాకపోవడానికి కారణం రావలసింది పేగులో లేకపోవడమే. కానీ ఆ మనిషికి మలబద్ధకం మళ్లీ మొదలైందనిపిస్తుంది, ఆ రాత్రి ఇంకో మాత్ర పడుతుంది. "రోజూ ఒక్కసారన్నా అవకపోతే ఒళ్లంతా బరువే తల్లీ" అంది పెద్దమ్మ. నిజానికి రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా, మలం మెత్తగా, ముక్కకుండా వస్తుంటే అది మామూలే. ఆవిడ రెండేళ్లుగా వాడుతున్న మాత్రల్లో ఎన్ని నిజంగా అవసరమైనవో ఇప్పుడు చెప్పలేం.

రెండో చిక్కు రక్తంలో కనిపిస్తుంది. పల్చటి విరేచనాలతో నీరు, పొటాషియం పోతాయి. పొటాషియం తగ్గితే కండరాలు నీరసిస్తాయి, పిక్కలు పట్టేస్తాయి, మరీ తగ్గితే గుండె లయ తప్పుతుంది. పేగు కండరం కూడా మందగించి మలబద్ధకం ఇంకా పెరుగుతుంది. ఫొటో మూలన ఉన్న బీపీ మాత్రను పెద్దది చేసి చూస్తే అందులో క్లోర్‌థాలిడోన్ ఉంది. అది మూత్రం ద్వారా పొటాషియాన్ని పోగొట్టే మందు. అటు మూత్రంలో, ఇటు విరేచనంలో పోతోందన్నమాట. మెట్లెక్కితే తొడలు వణుకుతున్నాయని ఆవిడ చెప్పిన మాట వినగానే, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాను. పొటాషియం 3.1 వచ్చింది, మామూలుగా 3.5కు తగ్గకూడదు. గుండెజబ్బుకు డిగాక్సిన్ వాడేవాళ్లకైతే ఈ తగ్గుదల ఇంకా ప్రమాదం.

బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2020లో ఈ రకం మందులపై ఆంక్షలు పెట్టింది. సూపర్‌మార్కెట్లలో అమ్మే ప్యాకెట్లో మామూలు బలం మాత్రలు 20కి మించకూడదని, అవి 18 ఏళ్లు నిండినవారి కోసమేనని నిర్ణయించింది. బరువు తగ్గడానికి వీటిని మితిమీరి వాడడం అందుకు ఒక కారణం. వీటి వల్ల పోయేది నీరే. తిన్నదాని శక్తి చాలామటుకు అంతకుముందే చిన్నపేగులో ఒంటికి పట్టేస్తుంది.

ఇక చాలాకాలంగా వినిపిస్తున్న భయం ఒకటుంది, ఈ మందులతో పేగు నరాలు శాశ్వతంగా చచ్చిపోతాయని. ఇప్పుడు దొరికే మందులు సరైన మోతాదులో అలా చేస్తాయని రుజువు కాలేదు. సునాముఖి ఎక్కువకాలం వాడితే పెద్దపేగు లోపలి పొర నల్లబడుతుంది, అది హాని చేయదు, మానేశాక కొన్ని నెలల్లో పోతుంది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడేవాళ్లకు, వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు డాక్టర్లు స్టిమ్యులెంట్లను రోజూ ఇస్తారు. మార్ఫిన్‌తో వచ్చే మలబద్ధకానికి ఈసబ్‌గోల్ పనికిరాదు. కదలిక లేని పేగులో అది ఇంకా పేరుకుంటుంది. అలాంటివాళ్లు ఇది చదివి సొంతంగా మందు ఆపేయకూడదు.

పెద్దమ్మ విషయంలో డాక్టరు చూర్ణం పూర్తిగా మాన్పించి, బీపీ మాత్ర మార్చి, పొటాషియం సరిచేశారు. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించారు. పొద్దున ఒక మోతాదు పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి మొదలుపెట్టి, వరుసగా మూడు రోజులు మోషన్ రాకపోతేనే ఒక బిసాకోడిల్ మాత్ర, అదీ నీళ్లతో వేసుకోమన్నారు. కాల్షియం మధ్యాహ్నం భోజనానికి మారింది. మొదటివారం ఆవిడ రెండుసార్లు నాకు ఫోన్ చేసి, నిన్న అవలేదు, మాత్ర వేసుకోనా అని అడిగింది. కడుపు నొప్పి, వాంతి లేకపోతే ఆగమన్నాను. రెండోవారానికి రోజు విడిచి రోజు మెత్తగా రావడం మొదలైంది. ఈసబ్‌గోల్ మళ్లీ మొదలుపెట్టాలా అన్నది నీళ్లు బాగా తాగడం అలవాటయ్యాక చూద్దామన్నారు.

ఫొటోలో కనిపించనివి కొన్నుంటాయి, వాటిని అడిగే తెలుసుకోవాలి. మలంలో రక్తం పడుతోందా, బరువు తగ్గుతున్నారా, రక్తహీనత ఉందా, యాభై దాటాక మోషన్ తీరు కొత్తగా మారిందా, కడుపు ఉబ్బి గ్యాస్ కూడా పోకుండా వాంతులవుతున్నాయా. చివరిది పేగు మూసుకుపోయిన లక్షణం కావచ్చు, అప్పుడు ఏ విరేచనం మందూ వేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మిగతావాటిలో ఏ ఒక్కటి ఉన్నా కొత్త మందు కొనేముందు డాక్టరుకు చూపించాలి, అవసరమైతే కొలనోస్కోపీ చేయించాలి. ఇవన్నీ అడిగితే పెద్దమ్మ దేనికీ అవునని చెప్పలేదు.