వకీలు నోటీసును తెలుగులో తూచి చూద్దాం

ఇంటికి వకీలు నోటీసు వస్తే సగంమంది కవరు చూసే బెంబేలెత్తిపోతారు. మిగతా సగం లోపలి ఇంగ్లీషు చూసి. అప్పుడు ఆ వీధిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడిని పట్టుకుంటారు. అతను పైనుంచి కిందికి ఓ చూపు చూసి, "15 రోజుల్లో డబ్బు కట్టకపోతే జైలే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. చిక్కంతా ఆ ముక్కలోనే ఉంది. అర్థం కాని ఇంగ్లీషు కన్నా, ఇట్టే అర్థమైపోయే తప్పుడు తెలుగు ఎక్కువ నష్టం చేస్తుంది.

మా వీధి చివర టైలరుకి ఇలాగే జరిగింది. చెక్కు బౌన్సు నోటీసు. ఆ ఒక్క ముక్క చెప్పింది అతని బావమరిది. కుర్రాడు మంచివాడే, హడావుడి ఎక్కువ. టైలరు కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి, "మాస్టారూ, నన్ను లోపలేస్తారా?" అన్నాడు. బీకాం చదువుతున్న మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని నోటీసు విప్పాను.

అందులో ఉన్న సంగతి ఇది. ఒకాయన దగ్గర టైలరు రెండు లక్షలు చేబదులు తీసుకున్నాడు. హామీగా సంతకం పెట్టి ఒక చెక్కు ఇచ్చాడు. ఆ చెక్కును 2025 మార్చి 3న బ్యాంకులో వేస్తే, ఖాతాలో డబ్బు చాలక 5న తిరిగొచ్చింది. వకీలు మార్చి 20 తేదీతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాడు. టైలరు చేతికి 24న అందింది. అందిన 15 రోజుల్లో చెక్కు మొత్తం రెండు లక్షలు, నోటీసు ఖర్చులు 5 వేలు కట్టాలని, కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద ఫిర్యాదు వేస్తామని, ఆ సెక్షన్ కింద పడే శిక్షతో సహా రాశాడు. చట్టం 1881 నాటిది కానీ, చెక్కు బౌన్సును నేరం చేసిన ఈ సెక్షన్ మాత్రం 1989 ఏప్రిల్ నుంచే అమల్లోకి వచ్చింది.

బెల్లం గడ్డను నీళ్ళలో వేస్తే కాసేపటికి గడ్డ కనిపించదు. అయినా గిన్నెను కరగకముందూ కరిగాకా త్రాసులో పెడితే తూకం ఒక్కటే. ఇంగ్లీషు నోటీసును వాడుక తెలుగులోకి దించడమూ అలాగే ఉండాలి. గట్టి గట్టి మాటలన్నీ కరిగిపోవచ్చు, తూకం మాత్రం తగ్గకూడదు. తూకం తగ్గిందో లేదో చూడాలంటే ముందు బరువు ఎక్కడుందో తెలియాలి. నోటీసుల్లో బరువు పెద్ద మాటల్లో ఉండదు. "నా కక్షిదారు ఆదేశానుసారం ఇందుమూలముగా" వగైరా అంతా తీసేసినా పోయేదేమీ లేదు. బరువంతా "నుంచి", "లోపు", "దాకా", "లేదా" లాంటి చిన్న మాటల్లోనూ, ఎవరు ఎవరితో అంటున్నారన్న దానిలోనూ ఉంటుంది.

బావమరిది చెప్పిన ముక్కనే తూచి చూద్దాం. "15 రోజుల్లో" అన్నాడు. ఎప్పటినుంచి? కాగితం మీది తేదీ మార్చి 20 నుంచి లెక్కేస్తే గడువు ఏప్రిల్ 4తో అయిపోతుంది. చట్టం చెప్పేది నోటీసు అందిన రోజు నుంచి. అందిన రోజును వదిలేసి మర్నాటి నుంచి లెక్కపెట్టాలి. అంటే 25 మొదటి రోజు, ఏప్రిల్ 8 పదిహేనో రోజు. ఒక్క "అందిన" అనే మాట జారిపోతే టైలరుకి నాలుగు రోజులు పోయాయి. డబ్బు సర్దుకునేవాడికి నాలుగు రోజులంటే మాటలు కాదు.

ఇక "జైలే" అన్న మాట. నోటీసులో ఉన్నది ఫిర్యాదు వేస్తామని. గడువు దాటాక, నెల లోపు అవతలివాళ్ళు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. కోర్టు సమన్లు పంపాలి, విచారణ జరగాలి, నేరం రుజువు కావాలి. అప్పుడు పడే శిక్ష కూడా రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఇందులో "దాకా" రెండుసార్లు, "లేదా" రెండుసార్లు ఉన్నాయి. బావమరిది నాలుగింటినీ ఒకే ఊపులో మింగేశాడు. మన ఊళ్ళలో వకీలు పంపినదాన్నీ కోర్టు పంపినదాన్నీ కూడా "నోటీసు" అనే అంటాం కాబట్టి ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. లెటర్‌హెడ్ మీద ప్లీడరు పేరుంటే అది అవతలివాడి మాట. కోర్టు ముద్ర ఉంటేనే అది కోర్టు మాట.

అవతలివాడి మాటేనని గుర్తు చేయడానికి మన భాషలో ఒక చక్కని సదుపాయం ఉంది. "నువ్వు రెండు లక్షలు తీసుకున్నావు, ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు" అని చదివితే వినేవాడికి అది తీర్పులా వినిపిస్తుంది. "నువ్వు రెండు లక్షలు తీసుకున్నావట, ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదట" అంటే, ఇదంతా ఆయన చెబుతున్న సంగతి, ఒప్పుకోవాలో వద్దో నీ ఇష్టం అని వెంటనే తెలుస్తుంది. మా మనవరాలికి ఒకటే చెప్పాను: అవతలివాడి ఆరోపణ వచ్చిన ప్రతిచోటా చివర "ట" తగిలించు, నీ సొంత వివరణ అయితే తగిలించకు. ఒకటో పేరా నుంచి నాలుగో పేరా దాకా అలాగే చదివింది.

మూడో "ట" దగ్గర టైలరు ఆపాడు. "పూర్తిగా ఇవ్వలేదని ఎలా అంటాడు మాస్టారూ? జనవరిలో ఎనభై వేలు ఫోన్లో పంపానే!" అన్నాడు.

ఇదీ అసలు సంగతి. నోటీసులో "చట్టప్రకారం రాబట్టుకోగల బాకీ నిమిత్తం ఇచ్చిన చెక్కు" అని ఉంది. సులువుగా చెప్పాలని మనం "బాకీకి ఇచ్చిన చెక్కు" అనేస్తాం. నిజమేగా, ఇంకా బాకీ ఉన్నాడుగా! కానీ అలా కుదించడంలో పోయింది కొంచెం కాదు. సెక్షన్ 138 చూసేది చెక్కు గడువుకొచ్చిన లేదా బ్యాంకులో వేసిన నాటికి ఆ చెక్కు మీద ఉన్నంత మొత్తం నిజంగా రావాల్సి ఉందా అని. చెక్కు రాసిచ్చాక కొంత తీర్చేసి, ఆ తీర్చిన సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికే బ్యాంకులో వేస్తే, ఆ చెక్కు బౌన్సయినా 138 కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2022లో దశరథ్‌భాయ్ త్రికంభాయ్ పటేల్ కేసులో చెప్పింది. టైలరుకి ఇంకా లక్షా ఇరవై వేలు బాకీ ఉంది, అది తీర్చాల్సిందే. కానీ రెండు లక్షల చెక్కు మీద అతను గట్టిగా అడగదగ్గ మాట ఒకటుంది. దాన్ని బావమరిది తెలుగు పూర్తిగా కప్పేసింది.

అలాగని ఈ చోట "చట్టబద్ధముగా అమలుపరచదగిన ఋణము" అని చదివితే సరిపోతుందా? ఇంగ్లీషు తీసి సంస్కృతం పెట్టినట్టు అవుతుంది, టైలరుకి రెండూ ఒకటే. మేం ఇలా చెప్పాం: "ఈ చెక్కును మార్చి 3న బ్యాంకులో వేసిన రోజుకి, కోర్టుకెళ్తే నీ దగ్గర వసూలు చేసుకోగలిగే బాకీ పూర్తిగా రెండు లక్షలూ ఉందట." వాక్యం కాస్త పొడుగైంది. పొడుగైతే తప్పేమీ లేదు. తేలిక తెలుగు అంటే పొట్టి తెలుగు అని కొందరికి అపోహ.

డబ్బు దగ్గర కూడా ఇలాంటిదే ఇంకోటి ఉంది. నోటీసులో మొత్తం రెండు లక్షల ఐదు వేలు. "రెండు లక్షల ఐదు వేలు కట్టాలట" అని కలిపి చెప్పకూడదు. చెక్కు మొత్తం వేరు, నోటీసు ఖర్చులు వేరు. రెండూ విడివిడిగా రాసి ఉన్నప్పుడు, చెక్కు మొత్తం గడువులోగా కట్టేస్తే 138 కేసు నిలవదని 2000లో సుమన్ సేథీ కేసు తీర్పు ఉంది. ఐదు వేల మాట వేరుగా తేల్చుకోవాల్సిందే తప్ప, అది కట్టనందుకు చెక్కు కేసు రాదు.

సరే, మనం చెప్పింది సరిగ్గానే ఉందని ఎలా తెలుస్తుంది? "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా తలూపుతారు. పెద్దవాళ్ళ ముందు కాలేదనడానికి మొహమాటం. ఆసుపత్రుల్లో దీనికొక పద్ధతి ఉంది. మందులెలా వేసుకోవాలో చెప్పాక, రోగినే తన మాటల్లో తిరిగి చెప్పమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రశ్నపత్రాలను వేరే భాషలోకి మార్చాక, మూలం చూడని ఇంకొకరి చేత వెనక్కి ఇంగ్లీషులోకి రాయించి పక్కపక్కన పెట్టి చూస్తుంది. మేం ఆ రెండింటి తరహాలోనే చేశాం.

మనవరాలు తెలుగు వివరణను ఒక తెల్లకాగితం మీద వాక్యానికో నెంబరు వేసి రాసింది. నోటీసు ముఖం చూడని మా ఆవిడ చేతికి ఆ కాగితం ఇచ్చి ప్రశ్నలు వేశాను. ఏప్రిల్ 6న కడితే ఏమవుతుంది? పోస్ట్‌మ్యాన్ 26న ఇచ్చి ఉంటే ఆఖరి రోజు ఎప్పుడు? రెండు లక్షలు కట్టి ఐదు వేలు కట్టకపోతే? టైలరు డబ్బు తీసుకున్నాడని ఎవరు అంటున్నారు? ఇలాంటి ప్రశ్నలకు కాగితంలోని వాక్యాన్ని అప్పజెబితే సరిపోదు, లెక్కవేసి చెప్పాలి. మొదటి మూడూ సరిగ్గా చెప్పింది. నాలుగోదానికి "ప్లీడరు" అంది. వెనక్కి వెళ్ళి చూస్తే రెండో వాక్యంలో "మా వాడు చెబుతున్నాడు" అని ఉంది, మా వాడెవడో లేదు. అప్పిచ్చినాయన పేరు అక్కడ పెట్టి సరిచేశాం. ఆ తర్వాత మనవరాలు ఇంగ్లీషు కాగితంలో తేదీలు, అంకెలు, "లేదా"లు, "లోపు"లు పెన్సిలుతో చుట్టి లెక్కపెట్టింది. తెలుగు కాగితంలోనూ అంతే లెక్క రావాలి. ఒక "లేదా" తక్కువొచ్చింది, శిక్ష దగ్గర. అదీ చేర్చాం.

ఈ పరీక్షకు ఓ హద్దుంది. తెలుగు కాగితం నోటీసులో ఏముందో చెబుతుంది. నోటీసులో లేనిదాన్ని చెప్పదు. గడువులోగా జవాబివ్వాలన్న మాట నోటీసుల్లో చాలాసార్లు ఉండదు. కానీ జవాబివ్వకుండా ఊరుకుంటే అవతలివాడి మాటలో నిజముందనుకోవడానికి అది ఊతమవుతుందని 2010లో రంగప్ప కేసులో సుప్రీంకోర్టు అంది. కవరు తీసుకోకపోతే గొడవే ఉండదన్న మాట కూడా వింటూంటాం. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళినదాన్ని వద్దని పంపేసినా అందినట్టే లెక్క.

అందుకని టైలరుని జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు పంపాం. ఆదాయం తక్కువగా ఉన్నవాళ్ళకీ, మహిళలకీ, ఎస్సీ, ఎస్టీలకీ అక్కడ ఉచితంగా ప్లీడరుని ఇస్తారు. ఫోనులో అయితే 15100. వెళ్ళేటప్పుడు తెలుగు కాగితంతో పాటు ఇంగ్లీషు నోటీసు, అది వచ్చిన కవరు, జనవరిలో ఎనభై వేలు వెళ్ళినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకెళ్ళమన్నాను. కవరు మాత్రం అతని భార్య అప్పటికే పొయ్యిలో పడేసిందట. పోస్టాఫీసు ట్రాకింగ్‌లో 24న అందినట్టు దొరికింది కాబట్టి, దాని ప్రింటు తీసి పెట్టుకున్నాడు.