కాలేయం కొవ్వెక్కితే చూడాల్సింది కంచమే

కడుపుబ్బరమని కావలికో నెల్లూరుకో వెళ్లి స్కానింగ్ తీయించుకుంటే, రిపోర్టు అడుగున 'ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1' అన్న ముక్క కనిపిస్తోంది. జలదంకి, కలిగిరి, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో ఆ కాగితం పట్టుకున్న మనిషి ముందు రెండు దారులుంటాయి. మందుల షాపులో లివర్ టానిక్ అడగడం ఒకటి, కామెర్లకు పసరు పోసేవాళ్ల దగ్గరికి వెళ్లడం రెండోది. కంచంలో అన్నం మాత్రం ఎప్పటంతే ఉంటుంది.

ఇది వేళ్ల మీద లెక్కపెట్టే జబ్బు కాదు. అంతకుముందు మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ 2022లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కలిపి చూస్తే, పెద్దవాళ్లలో సుమారు 38 శాతం మందికి ఇది ఉందని తేలింది. మద్యం ముట్టనివాళ్లకూ వస్తుంది. 'నేను నూనె వస్తువులే తినను, నాకెందుకొచ్చింది?' అని అడిగేవాళ్లు చాలామంది. 2005లో అమెరికాలో ఈ రోగుల కాలేయంలోని కొవ్వు ఎక్కడిదో ఆనవాలు పట్టి చూశారు. అందులో దాదాపు 59 శాతం ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చి చేరింది. 26 శాతాన్ని కాలేయమే తయారుచేసింది, ముఖ్యంగా మిగిలిపోయిన పిండిపదార్థం, చక్కెరలతో. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. నూనె మానేసి, మూడు పూటలా తెల్లన్నం తినేవాడి కాలేయం ఎందుకు తేలికపడదో ఇక్కడే తెలుస్తుంది.

ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు 46, బరువు 78 కిలోలు, మద్యం అలవాటు లేదు. ఎస్‌జీవోటీ 48, ఎస్‌జీపీటీ 72, ప్లేట్‌లెట్లు 2 లక్షల 30 వేలు. స్కానింగ్ గ్రేడు కొవ్వు ఎంతుందో చెబుతుందిగానీ, కాలేయం లోపల గట్టిపడిందో లేదో చెప్పదు. అది అంచనా వేయడానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. వయసును ఎస్‌జీవోటీతో హెచ్చవేసి, వచ్చినదాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య (వేలల్లో), ఎస్‌జీపీటీ వర్గమూలం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. ఈయనకు 1.13 వచ్చింది. 1.3 లోపు ఉంటే గట్టిపడే ప్రమాదం ప్రస్తుతానికి తక్కువ. దాటితే ఫైబ్రోస్కాన్ చేయించాలి. ఈయనకు కావలసింది మందు కాదు, బరువులో 7 శాతం తగ్గడం, అంటే అయిదున్నర కిలోలు. 5 శాతం తగ్గితేనే కాలేయంలో కొవ్వు కరగడం మొదలవుతుంది. 7 దాటితే వాపు తగ్గుతుంది. లోపల గట్టిపడ్డవాళ్లకైతే 10 శాతం దాకా తగ్గాలి.

మరి కంచం సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు కావలసినవారికి ధాన్యం అన్ని పూటలూ కలిపి 250 గ్రాములు చాలంది. ఇది వండకముందు తూకం, పొద్దున దోసెల్లోని బియ్యంతో సహా. అందులో సగమన్నా పొట్టుతో ఉన్న ధాన్యం కావాలంది. మనవాడు 400 గ్రాముల బియ్యం తింటున్నాడనుకుంటే, అది 125కి దిగాలి. ఇంకో 125 గ్రాములు జొన్న, సజ్జ, కొర్ర కావాలి. రోజుకు అయిదు వందల కేలరీలకు పైగా అక్కడే తగ్గుతాయి. ఆ లోటు ఆకలిగా మిగలకుండా పప్పు, కూర రెట్టింపు చేసుకోవాలి. చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం అన్నం తగ్గించే ముందు డాక్టరుకు చెప్పాలి, మాత్ర మోతాదు మార్చకపోతే చక్కెర పడిపోవచ్చు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అన్నం మామూలుగానే తిని, దాని మీద చిరుధాన్యం చేరిస్తే కేలరీలు పెరుగుతాయిగానీ కొవ్వు తగ్గదు. మన రాగి సంగటిలో సగం బియ్యమే. రాగి జావలో బెల్లం కలిపి గ్లాసుల కొద్దీ తాగితే చక్కెరనీళ్లతో పెద్ద తేడా ఉండదు. పాలిష్ పట్టి తెల్లగా మెరిసే కొర్రబియ్యం కంటే, కాస్త మసకగా పొట్టు మిగిలినదే మేలు. సజ్జ, ఆరిక తినడం ఈ మెట్ట ముసలివాళ్లకు కొత్త కాదు. పేదల తిండని మానేసింది తర్వాతి తరమే.

శెనక్కాయల మీద అపనమ్మకం అనవసరం. పలుకులు, నూనెగింజలు కలిపి రోజుకు 35 గ్రాముల దాకా తినొచ్చంటుంది అదే సంస్థ. దోసిలి నిండా కాదు, ఒక గుప్పెడు. 30 గ్రాముల శెనగ్గింజల్లో 170 కేలరీలున్నాయి కాబట్టి అవి సాయంత్రం మిక్చరుకు, పకోడీకి బదులుగా రావాలి. బాదం కొనే స్తోమత లేదని బాధపడక్కర్లేదు. కానీ తడిసి బూజు పట్టిన కాయలు, ముడతలు పడ్డ గింజలు, చేదుగా ఉన్నవి పారేయండి. ఆ బూజు చేసే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం, క్యాన్సర్‌కూ కారణం. వేయిస్తే పూర్తిగా పోదు. బూజుకాయలు గానుగలో వేస్తే, వడకట్టినా నూనెలోకి కొంత వస్తుంది. గానుగ నూనె కొనేవాళ్లు కాయ ఎలాంటిదో చూసి ఆడించుకోవాలి.

నూనెలో రకం కంటే ముందు కొలత. ఆ 2000 కేలరీల లెక్కలోనే మనిషికి రోజుకు 27 గ్రాములు, ఆరు టీస్పూన్లు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటరు ప్యాకెట్లు. మీ ఇంట్లో నెలకు ఎన్ని కత్తిరిస్తున్నారో లెక్కేసుకోండి. రకం విషయంలో 2014లో స్వీడన్‌లో వచ్చిన ఫలితం చెప్పుకోదగ్గది. మామూలు బరువున్న కుర్రవాళ్లకు ఏడు వారాలు అదనంగా మఫిన్లు పెట్టారు, కొందరికి పామాయిల్‌తో, కొందరికి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. రెండు జట్లూ ఒకేలా 1.6 కిలోలు పెరిగాయి. కాలేయంలో కొవ్వు మాత్రం పామాయిల్ జట్టుకే బాగా ఎక్కువగా పెరిగింది. వేరుశనగ, నువ్వుల, తవుడు నూనెలు మార్చి మార్చి వాడుకోవచ్చు. కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచకూడదు.

ఇక టానిక్. నేలఉసిరి, నేలవేము, తిప్పతీగ, గలిజేరు మన చేలగట్ల మీద దొరికేవే. సహజం కాబట్టి హాని లేదనుకోవడమే చిక్కు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటా మరిగింది. తర్వాత హైదరాబాద్ వైద్యులు ముందుండి దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు సేకరించి 2022లో ప్రచురించారు. తాగడం మొదలైన సుమారు 46 రోజులకు వాళ్లకు కాలేయ బాధ బయటపడింది. ఎక్కువగా కనిపించింది, ముందే ఉన్న కాలేయ జబ్బు ఒక్కసారిగా ముదరడం. అంతకుముందు ముంబయిలో ఇలాంటి కేసులు బయటికొచ్చినప్పుడు, అది తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే తీగా అని ఆయుష్ శాఖ ప్రశ్నించింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే, తెలిసినవాళ్లే తీగను తేల్చలేనప్పుడు సంతలో పొడి కొనేవాడు ఎలా తేలుస్తాడు?

సీసా మందులకు వేరే లెక్కలున్నాయి. ఆసవాలు, అరిష్టాల్లో పులియడం వల్ల పుట్టిన ఆల్కహాలు ఉంటుంది, సీసా మీదే రాసి ఉంటుంది. తీపి సిరప్‌లలో చక్కెర. 2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే, అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. పసరు పనిచేసిందని చెప్పే కామెర్ల కథల్లో చాలావాటికి నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కారణం. అవి ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఫ్యాటీ లివర్ అలా తగ్గదు.

ఇప్పటికే ఇలాంటి కషాయమో, టానికో తాగుతుంటే, కళ్లు పచ్చబడటం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, ఒళ్లు దురద, వాంతి, విపరీతమైన నీరసం కనిపించిన రోజే ఆపేయాలి. అదే రోజు కాలేయ పరీక్ష చేయించుకుని, డాక్టరు దగ్గరికి సీసా, పొడి పొట్లం, వాటి చీటీతో సహా పట్టుకెళ్లాలి. అడిగినా అడగకపోయినా ఏమి తాగారో, ఎన్నాళ్లు తాగారో చెప్పాలి.