రెండు రంగుల బ్యాట్, పదకొండు పాయింట్ల లెక్క

పాఠశాలల పోటీల్లో టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గర గొడవ వచ్చిందంటే కారణం చాలావరకు ఈ మూడింటిలో ఒకటై ఉంటుంది. బ్యాట్ చెల్లుతుందా, సర్వీస్ సరిగా చేశారా, ఇప్పుడు సర్వీస్ ఎవరిది? కబడ్డీ, ఖోఖో ఏళ్ల తరబడి నడిపించిన పీఈటీలు కూడా టీటీ బాధ్యత మీద పడగానే ముందు బల్ల కొలతలు బట్టీ పడతారు. పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు, ఎత్తు 76 సెంటీమీటర్లు. ఇవి తెలిసి ఉండటం మంచిదే కానీ, కంపెనీ నుంచి వచ్చిన బల్లకు ఆ కొలతలు ఎలాగూ ఉంటాయి. పోటీ రోజు మన చేతుల మీదుగా తప్పు జరిగేది నెట్ కట్టడంలో.

నెట్ పై అంచు బల్ల మీద నుంచి 15.25 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. రెండు వైపులా స్తంభాల దగ్గర సరిగ్గా ఉండి మధ్యలో వేలాడే నెట్‌లే పాఠశాలల్లో ఎక్కువ. అందుకే స్కేలు పెట్టి మధ్యలో తప్పకుండా కొలవాలి. తాడు బిగించాక ఆ ఎత్తు రాకపోతే నెట్ మార్చాల్సిందే. బల్ల పాతదైతే ఇంకో పరీక్ష ఉంది. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి బంతిని వదిలితే అది దాదాపు 23 సెంటీమీటర్ల వరకు లేవాలి. పిల్లల స్కేలు నిలబెట్టి నాలుగైదు చోట్ల ఇలా చూస్తే, వానకు తడిసి ఉబ్బిన చోటు ఎక్కడుందో బంతే చెప్పేస్తుంది.

బంతి వ్యాసం 40 మిల్లీమీటర్లు, బరువు 2.7 గ్రాములు, రంగు తెలుపు లేదా నారింజ. దీనికీ చొక్కాకూ సంబంధం ఉంది. ఆటగాడి చొక్కా ప్రధాన రంగు బంతి రంగుకు స్పష్టంగా వేరుగా ఉండాలి. మన బడుల్లో వారంలో ఒక రోజు తెల్ల యూనిఫాం వేసుకునే అలవాటు ఉంది. పోటీ ఆ రోజునే పడితే తెల్ల చొక్కా మీద తెల్ల బంతి ఎదుటివారికి కనపడదు. కాబట్టి రంగు చొక్కాలు తెచ్చుకోమని ముందే చెప్పాలి, లేదా నారింజ బంతులు కొని ఉంచుకోవాలి.

ఇక బ్యాట్. దీని పరిమాణానికి, ఆకారానికి, బరువుకు నియమం ఏమీ లేదన్న సంగతి కొత్తవారిని ఆశ్చర్యపరుస్తుంది. కట్టుబాట్లన్నీ బ్యాట్ పలక చెక్కకు, దాని మీద అంటించే రబ్బరుకు సంబంధించినవే. దానికి కారణం మన దేశంలోనే మొదలైంది. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీల్లో జపాన్ ఆటగాడు హిరోజి సాటో మందపాటి స్పాంజి అంటించిన బ్యాట్‌తో వచ్చాడు. అప్పటిదాకా బంతి బ్యాట్‌కు తగిలిన చప్పుడును బట్టి దెబ్బ బలాన్ని అంచనా వేసే ఆటగాళ్లకు ఆ చప్పుడే వినపడలేదు. సింగిల్స్ టైటిల్ అతనిదైంది. ఆ తర్వాత కొన్నేళ్ల వాదోపవాదాలు నడిచి, 1959లో మందానికి హద్దు పెట్టారు. స్పాంజి, దాని మీది రబ్బరు, జిగురు అన్నీ కలిపి ఒక వైపు 4 మిల్లీమీటర్లు మించకూడదు. స్పాంజి లేకుండా బొడిపెలు పైకి ఉన్న రబ్బరు ఒక్కటే అంటిస్తే 2 మిల్లీమీటర్లే.

రంగుల నియమం 1980ల్లో వచ్చింది. బ్యాట్‌కు రెండు వైపులా రెండు రకాల రబ్బర్లు వేసుకోవచ్చు. నున్నటి రబ్బరు బంతిని పట్టుకుని గిరగిరా తిప్పుతుంది. పొడుగు బొడిపెల రబ్బరు ఎదుటివారు పంపిన తిరుగుడునే తలకిందులు చేసి వెనక్కి ఇస్తుంది. మనికా బాత్రా తన బ్యాక్‌హ్యాండ్ వైపు వాడేది ఇలాంటి రబ్బరే. రెండు వైపులా ఒకే రంగు ఉండి, ఆటగాడు చేతిలో బ్యాట్‌ను తిప్పేస్తుంటే ఏ వైపు తగిలిందో అవతలివారికి తెలిసే దారి లేదు. అందుకే ఒక వైపు నలుపు తప్పనిసరి చేశారు. రెండో వైపు చాలాకాలం ఎరుపే ఉండేది. 2021 అక్టోబర్ నుంచి నీలం, ఆకుపచ్చ, గులాబీ, ఊదా కూడా ఒప్పుకుంటున్నారు. ఆకుపచ్చ రబ్బరు చూసి పిల్లాడిని వెనక్కి పంపారంటే తప్పు మనదే అవుతుంది.

మ్యాచ్‌కు ముందు బ్యాట్‌ను చేతిలోకి తీసుకుని రెండు వైపులా చూడాలి. ఒక వైపు నలుపు ఉందా, రబ్బరు మీద పిడికి దగ్గర అంతర్జాతీయ సమాఖ్య ముద్ర ఉందా, అంచుల్లో రబ్బరు లేచిపోయిందా అని గమనించాలి. వాడకం వల్ల వచ్చిన చిన్న చిరుగును, కొంచెం వెలిసిన రంగును నియమమే మన్నిస్తుంది. బంతి పడే చోట రబ్బరు ఊడి చెక్క కనిపిస్తుంటే మాత్రం ఒప్పుకోకూడదు. ఉత్త చెక్క వైపుతో కావాలని బంతిని కొడితే పాయింట్ అవతలివారికి పోతుంది. దుకాణాల్లో చవకగా దొరికే బ్యాట్లకు ముద్ర ఉండదు. బడి లోపలి పోటీల్లో వాటిని అనుమతించడమే న్యాయమని నా అభిప్రాయం. లేకపోతే కొనలేని పిల్లలు ఆటకే దూరమవుతారు. ఆ మాట అందరికీ ముందుగా చెప్పి ఉండాలి, అంతే. ఆట మొదలయ్యే ముందు ఒకరి బ్యాట్ ఒకరు చూసుకోవడం ఇద్దరి హక్కు. మ్యాచ్ మధ్యలో బ్యాట్ అనుకోకుండా దెబ్బతింటే తప్ప మార్చకూడదు.

సర్వీస్ విషయంలో చూసీ చూడనట్టు వదిలేస్తే ఆట రూపమే మారిపోతుంది. బంతి తెరిచిన అరచేతిలో కదలకుండా ఉండాలి. వేళ్లతో పట్టుకోకూడదు. తిప్పకుండా, దాదాపు నిట్టనిలువుగా, అరచేతి నుంచి కనీసం 16 సెంటీమీటర్లు పైకి విసరాలి. అంటే నెట్ ఎత్తు కంటే కాస్త ఎక్కువ, కాబట్టి అంపైర్ కంటికి నెట్టే కొలబద్ద. బంతి కిందికి దిగుతున్నప్పుడు కొట్టాలి. అప్పటిదాకా అది బల్ల మట్టానికి పైన, బల్ల చివరి అంచుకు వెనకే ఉండాలి. విసిరిన వెంటనే ఆ చేయి బంతికీ నెట్‌కూ మధ్య నుంచి తప్పుకోవాలి. ఒంటితోనో చేత్తోనో బంతిని దాచి కొట్టే పద్ధతిని 2002లో నిషేధించారు.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పు చేతిలోంచే బంతిని కొట్టేయడం. ఇంటి దగ్గరో వసారాలోనో సొంతంగా నేర్చుకున్న పిల్లలందరికీ ఆ అలవాటు ఉంటుంది. తప్పు స్పష్టంగా కనిపిస్తే హెచ్చరిక అక్కర్లేదు, పాయింట్ అవతలివారిదే. సరైనదో కాదో అనుమానంగా ఉంటే మాత్రం మొదటిసారి ఆ పాయింట్ మళ్లీ ఆడించి హెచ్చరించాలి. అదే మ్యాచ్‌లో మళ్లీ అనుమానం వస్తే పాయింట్ పోయినట్టే. ఇది పిల్లలకు తొలి మ్యాచ్ ముందే చేసి చూపించాలి. సగం ఆటయ్యాక చెబితే, ఓడుతున్నందుకే తనను పట్టుకున్నారని పిల్లాడు అనుకుంటాడు.

సర్వీస్ బంతి నెట్‌కు తగిలి సరిగ్గా అవతల పడితే లెట్, అంటే మళ్లీ సర్వీస్. ఇలా ఎన్నిసార్లయినా జరగవచ్చు. ర్యాలీలో నెట్‌కు తగిలి అవతల పడితే ఆట సాగుతుంది. బల్ల పై అంచుకు తగిలిన బంతి మంచిదే. అంచు కింద, బల్ల మందానికి తగిలింది చెల్లదు. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. బ్యాట్ లేని చేయి ర్యాలీలో బల్ల మీద ఆనితే పాయింట్ పోతుంది. పొట్టి పిల్లలు నెట్ దగ్గర బంతి కోసం వంగి, తెలియకుండానే చేయి ఆనిస్తుంటారు.

పాయింట్ల లెక్క ఇప్పుడు పదకొండుకు. 2001 దాకా ఇరవై ఒకటికి ఆడేవారు, ఒక్కొక్కరు ఐదేసి సర్వీసులు చేసేవారు. పాతతరం మాస్టార్లు ఇప్పటికీ ఆ లెక్కనే చెబుతుంటారు. ఇప్పుడు సర్వీసులు రెండేసి. ముందు 11 చేరి, కనీసం రెండు పాయింట్ల తేడా ఉన్నవారు గేమ్ గెలుస్తారు. మ్యాచ్ మూడు గేమ్‌లదో ఐదు గేమ్‌లదో నిర్వాహకులు ముందే నిర్ణయిస్తారు.

సర్వీస్ ఎవరిదో మరిచిపోతే స్కోరు మొత్తమే దారి చూపిస్తుంది. ఎర్ర చొక్కా అమ్మాయి ముందు సర్వీస్ చేసిందనుకుందాం. ఆమె 7–4తో ఆధిక్యంలో ఉంది, సర్వీస్ నాదంటే నాదని ఇద్దరూ అంటున్నారు. రెండూ కలిపితే 11. అందులో ఐదు జతలు పూర్తయ్యాయి, ఆరో జతలో ఒక పాయింట్ అయ్యింది. బేసి జతలు ఎరుపువి, సరి జతలు నీలానివి. కనుక ఇప్పుడు నీలం చొక్కా అమ్మాయి తన రెండో సర్వీస్ చేయాలి. ఆట సాగి 10–8కి వచ్చింది. మొత్తం 18, తొమ్మిది జతలు పూర్తి, పదో జత నీలానిది. ఆమె రెండూ గెలిచి 10–10 చేసింది. ఇక్కడి నుంచి సర్వీస్ ఒక్కొక్కటే. మొత్తం 20 కాబట్టి ఎరుపు వంతు. ఆమె గెలిస్తే 11–10, అప్పుడు నీలం సర్వీస్ చేస్తుంది. అదీ ఎరుపే గెలిస్తే 12–10తో గేమ్ ముగిసింది. డ్యూస్ తర్వాత మొత్తం సరి సంఖ్య అయితే ముందు మొదలుపెట్టినవారిది, బేసి అయితే రెండోవారిది.

లెక్క తప్పిన సంగతి ఆలస్యంగా బయటపడితే? 6–2 దగ్గర ఎరుపు సర్వీస్ చేయాల్సి ఉండగా నీలమే మళ్లీ చేసేసి, ఆ పాయింట్ గెలిచి 6–3 అయ్యింది. అప్పుడు గుర్తించారు. ఆ పాయింట్‌ను రద్దు చేయకూడదు, స్కోరు అలాగే ఉంటుంది. మొత్తం 9 కాబట్టి ఐదో జతలో రెండో సర్వీస్ ఎరుపుది. ఆమె ఒక్కటి చేశాక సర్వీస్ నీలానికి వెళ్తుంది.

ప్రతి గేమ్ తర్వాత ఇద్దరూ వైపులు మారాలి. కిందటి గేమ్‌లో మొదట సర్వీస్ అందుకున్నవారు ఈసారి మొదలుపెడతారు. చివరి గేమ్‌లో ఎవరో ఒకరు 5 పాయింట్లు చేరగానే మళ్లీ వైపులు మారాలి. ఫ్యాన్ గాలి, కిటికీ వెలుతురు ఒకవైపే పడే మన హాళ్లలో ఇది మరిచిపోతే నిజంగానే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

డబుల్స్‌లో సర్వీస్ తమ కుడి సగం నుంచి ఎదుటివారి కుడి సగానికి మూలగా పోవాలి. బల్ల మధ్య సన్నని తెల్ల గీత అందుకే. ఆ తర్వాత బంతి ఎక్కడైనా పడవచ్చు, కానీ జట్టులోని ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కొట్టాల్సిందే. వరుస తప్పితే పాయింట్ పోతుంది. సర్వీస్ మారినప్పుడల్లా, ఇంతకుముందు అందుకున్నవారు ఇప్పుడు సర్వీస్ చేస్తారు. ఇంతకుముందు సర్వీస్ చేసినవారి జోడీ దాన్ని అందుకుంటారు. చివరి గేమ్‌లో 5 దగ్గర వైపులు మారినప్పుడు, తర్వాత సర్వీస్ అందుకోవాల్సిన జట్టు తమ ఇద్దరిలో అందుకునే వరుసను కూడా మార్చుకోవాలి. స్కోరు కాగితం మీద గేమ్ మొదట్లోనే 'ఎవరు, ఎవరికి' అని రెండు పేర్లు బాణం గుర్తుతో రాసుకుంటే, 5 దగ్గర ఆ బాణాన్ని సరిదిద్దుకోవడం తేలిక.