ఫొటోలో వచ్చిన పాలసీ షెడ్యూల్: ఏ గడిలో ఏముంది?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు, బాన్సువాడలో ఉండే అమ్మానాన్నలకు సూపర్ టాప్‌అప్ ఆరోగ్య బీమా తీసుకుని, పాలసీ షెడ్యూల్‌ను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడనుకుందాం. ‘సమ్ ఇన్సూర్డ్’ అన్న చోట 10,00,000, ‘డిడక్టిబుల్’ అన్న చోట 3,00,000 ఉన్నాయి. పదిలో మూడు కోసి ఏడు లక్షలే ఇస్తారేమోనని ఇంట్లో అనుకోవడం సహజం. కానీ లెక్క అలా ఉండదు.

సమ్ ఇన్సూర్డ్ అంటే ఆ పాలసీ ఏడాదిలో కంపెనీ గరిష్ఠంగా భరించే వైద్య ఖర్చు. పది లక్షలకు పాలసీ ఉన్నా, అయిన ఖర్చుకే డబ్బు వస్తుంది. షెడ్యూల్‌లో ‘ఫ్లోటర్’ అని ఉంటే ఆ పది లక్షలు ఇద్దరికీ కలిపే.

డిడక్టిబుల్ కోసేది మన పది లక్షల్లోంచి కాదు, ఆస్పత్రి బిల్లులోంచి. మొదటి మూడు లక్షలు మనం పెట్టుకోవాలి, లేదా ఇంకో పాలసీ ఉంటే దాని నుంచి రావాలి. ఆపైన ఖర్చును ఈ పాలసీ సాధారణంగా పది లక్షల దాకా భరిస్తుంది.

నాన్నకు జూన్‌లో 2 లక్షలు, నవంబర్‌లో 2.5 లక్షలు ఖర్చయ్యాయనుకోండి. సూపర్ టాప్‌అప్‌లో ఏడాది బిల్లులన్నీ కలిపి చూస్తారు. మొత్తం 4.5 లక్షలు, మూడు పోగా 1.5 లక్షలు కంపెనీ ఇస్తుంది. అదే మామూలు టాప్‌అప్ అయితే ప్రతి బిల్లునూ విడిగా చూస్తారు. రెండూ మూడు లక్షల లోపే కాబట్టి పైసా రాదు. అందుకే అంకెతో పాటు పాలసీ పేరు కూడా ఫొటోలో పడాలి.

ఇక ‘ఎక్స్‌క్లూజన్స్’, అంటే పాలసీ వర్తించని ఖర్చులు. వీటి పూర్తి జాబితా సాధారణంగా షెడ్యూల్‌లో ఉండదు, పాలసీ నిబంధనల్లో ఉంటుంది. కొన్నిటికి ఎప్పటికీ డబ్బు రాదు. కొన్నిటికి గడువు దాటాక వస్తుంది. అమ్మకు మోకాలి కీలు మార్చాల్సి వస్తే చాలా పాలసీల్లో 24 నెలలు ఆగాలి. ప్రమాదంలో దెబ్బ తగిలితే ఈ గడువు అడ్డు రాదు. పాలసీకి ముందే ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకు గడువు 36 నెలలు మించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిర్ణయించింది. ఆ జబ్బులు షెడ్యూల్‌లో అమ్మానాన్నల పేర్ల పక్కన నమోదయ్యాయో లేదో చూడండి. చెప్పకుండా దాచిన జబ్బు తర్వాత క్లెయిమ్‌ను దెబ్బతీస్తుంది.

కాబట్టి షెడ్యూల్ అన్ని పేజీలతో పాటు ‘కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్’ కూడా పంపమని కొడుకును అడగండి. వర్తించనివి, ఆగాల్సిన గడువులు, డిడక్టిబుల్ అందులో క్లుప్తంగా ఉంటాయి. కోరితే కంపెనీ దాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి. చదివాక పాలసీ మనకు పనికిరాదనిపిస్తే, పత్రం అందిన 30 రోజుల్లోపు తిప్పి పంపవచ్చు. అప్పటిదాకా రక్షణ ఇచ్చిన రోజులకు ప్రీమియం, వైద్య పరీక్షలు, స్టాంపు ఖర్చులు పట్టుకుని మిగతా డబ్బు వెనక్కి ఇస్తారు.