'నమామి'కి మి, 'వందే'కి ఏ

పండగపూట ఇంట్లో వినిపించే స్తోత్రాల్లో నమామి, స్మరామి, వందే, భజే అన్న మాటలు చెవిన పడని తెలుగువాళ్లు అరుదు. నాలుగూ 'నేను' చేసే పనులే, నాలుగూ వర్తమానమే. పైగా నమామి అన్నా వందే అన్నా నమస్కరిస్తున్నాననే. మరి ఒకటి 'మి'తో, ఇంకొకటి 'ఏ'తో ఎందుకు ముగిసినట్టు? సంస్కృతం కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి క్రియాపదాల గుట్టు చాలావరకు ఈ ప్రశ్నలోనే ఉంది.

సంస్కృత ధాతువులను పాణినీయులు పది గణాలుగా విభజించారు. ధాతుపాఠంలో దాదాపు రెండు వేల ధాతువులుంటే, వాటిలో సగానికి పైగా మొదటి గణానివే. 'భూ' ధాతువుతో మొదలవుతుంది కాబట్టి దీన్ని భ్వాదిగణం అంటారు. పైన చెప్పిన నాలుగు మాటలూ ఈ గణం నుంచి వచ్చినవే.

ఈ గణంలో క్రియ తయారయ్యే పద్ధతి తేలిక. ధాతువుకీ ప్రత్యయానికీ మధ్య ఒక 'అ' వచ్చి చేరుతుంది. నమ్ అనే ధాతువు 'నమ' అవుతుంది, వంద్ 'వంద' అవుతుంది. ధాతువులోని అచ్చు ఇ, ఉ, ఋ లాంటిదైతే గుణం కూడా వస్తుంది. అందుకే జి ధాతువుకి జయతి, భూ ధాతువుకి భవతి, స్మృ ధాతువుకి స్మరతి. జీవ్, నింద్ లాంటి వాటిలో ధాతువు మధ్య అక్షరం అప్పటికే గురువు కాబట్టి అక్కడ గుణం రాదు, జీవతి, నిందతి అనే అంటారు. కొన్ని ధాతువులు మాత్రం వేషమే మార్చేస్తాయి. గమ్ గచ్ఛతి అవుతుంది, స్థా తిష్ఠతి, పా పిబతి, దృశ్ పశ్యతి. వీటిని వివరణ కోసం వెతక్కుండా నోటికి తెచ్చుకోవడమే నయం.

ఇక ప్రత్యయాలు. ముందు పరస్మైపదం, నమ్ ధాతువుతో:

ప్రథమ పురుష: నమతి, నమతః, నమంతి
మధ్యమ పురుష: నమసి, నమథః, నమథ
ఉత్తమ పురుష: నమామి, నమావః, నమామః

అడ్డంగా చదివితే ఒకరు, ఇద్దరు, ముగ్గురూ ఆపైవాళ్లు. నిలువుగా చదివితే వాడు, నువ్వు, నేను. ఇంగ్లిష్ వ్యాకరణం ముందు చదివినవాళ్లు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే వాళ్లు మొదటి పురుష అనుకునే 'నేను' ఇక్కడ ఆఖరి వరుసలో ఉంటుంది. లింగభేదం గొడవ మాత్రం లేదు. తెలుగులో రాముడు నమస్కరిస్తాడు, సీత నమస్కరిస్తుంది. సంస్కృతంలో ఇద్దరికీ నమతి ఒక్కటే.

తెలుగులో లేని ద్వివచనం దగ్గరే అసలు పేచీ. నమథః అంటే మీరిద్దరూ, నమథ అంటే మీరందరూ. తేడా ఒక్క విసర్గే. అది పలకడం మరిచిపోతే తరగతి మొత్తానికి చెప్పాల్సిన మాటకీ ఇద్దరికి చెప్పాల్సిన మాటకీ తేడా పోతుంది. ఉత్తమ పురుషలో 'నమ' చివరి అ దీర్ఘమవడం కూడా గమనించాలి. మకారంతోనో వకారంతోనో మొదలయ్యే ప్రత్యయం ముందు అలా సాగుతుంది. నమమి అనరు.

ఆత్మనేపదానికి వంద్ ధాతువు:

ప్రథమ పురుష: వందతే, వందేతే, వందంతే
మధ్యమ పురుష: వందసే, వందేథే, వందధ్వే
ఉత్తమ పురుష: వందే, వందావహే, వందామహే

తొమ్మిది రూపాలూ ఏకారంతోనే ముగుస్తున్నాయి. వినగానే ఆత్మనేపదమని పోల్చుకోవడానికి వర్తమానంలో ఇంతకన్నా మంచి గుర్తు లేదు. వందతే ఒకరు, వందేతే ఇద్దరు. తేడా అంతా మధ్యలో ఉన్న దకారం మీద ఏత్వమే. మధ్యమ పురుషలో తెలుగువాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. అర్థమా అర్ధమా అని తికమకపడే చేతులు ఇక్కడా థ, ధలను తారుమారు చేస్తాయి. నమథ, వందేథేలలో పొట్టలో చుక్క ఉన్న థ. వత్తు ధ ఉన్నది వందధ్వేలో మాత్రమే.

ఇంతకీ ఈ రెండు పదాలు ఎందుకు? పాణిని చెప్పిన పద్ధతిలో కొన్ని ధాతువులకు పరస్మైపదమే, కొన్నింటికి ఆత్మనేపదమే, మరికొన్నింటికి రెండూ వస్తాయి. ఆ చివరివి ఉభయపదులు. వాటి విషయంలోనే అర్థం రంగంలోకి వస్తుంది. పని వల్ల వచ్చే ఫలం చేసేవాడికే చెందితే ఆత్మనేపదం, లేకపోతే పరస్మైపదం. వంటవాడు ఎవరికోసమో వండితే పచతి, దేవదత్తుడు తన తిండి తాను చూసుకుంటే పచతే. రుత్విక్కులు యజమాని కోసం యాగం చేస్తారు కాబట్టి యజంతి. ఫలం దక్కే యజమాని విషయంలో యజతే.

తెలుగువాళ్లకు ఈ తేడా కొత్తేమీ కాదు. వండుతున్నాడు, వండుకుంటున్నాడు. రాస్తుంది, రాసుకుంటుంది. క్రియకు 'కొను' చేర్చి మనం రోజూ చేసే పనే ఇది. పచతేని వండుకుంటున్నాడు అని తెలుగు చేస్తే పాణిని సూత్రం దాదాపు పూర్తిగా అందుతుంది. రామాయణ భారతాల్లోనూ తర్వాతి కావ్యాల్లోనూ కవులు ఈ నియమాన్ని ప్రతిచోటా పాటించలేదన్నది వేరే సంగతి.

అయితే 'కొను' సూత్రం ఉభయపదుల దగ్గరే ఆగాలి. సేవ్ ధాతువు ఎప్పుడూ ఆత్మనేపదే. సేవ చేసేది ఎదుటివాడికైనా సేవతే అనే అనాలి. లభ్, భాష్, వంద్ కూడా అంతే. నమ్ ఎప్పుడూ పరస్మైపదే. కాబట్టి నమామి, వందేల మధ్య ఫలం ఎవరిదన్న లెక్క లేదు. ఏ ధాతువుకి ఏ పదమో ధాతుపాఠం తేల్చేసింది. భజే మాత్రం ఉభయపది, భజామి అన్నా తప్పు కాదు.

లభామి, సేవామి అన్న తప్పులు పుట్టేది ఇక్కడే. నమామి అలవాటైన నోరు ప్రతి ధాతువుకీ 'ఆమి' తగిలిస్తుంది. అనుమానం వస్తే నిఘంటువే శరణ్యం. ఆప్టే నిఘంటువులో ధాతువు పక్కన గణం అంకె, దాని పక్కన ఇంగ్లిష్ పి, ఏ, యు అక్షరాల్లో ఒకటి ఉంటాయి. పి అంటే పరస్మైపది, ఏ అంటే ఆత్మనేపది, యు అంటే ఉభయపది. లభ్ దగ్గర ఒకటో గణం, ఏ అని చూశారనుకోండి. 'మనమిద్దరం పొందుతున్నాం' అనాలంటే లభ్‌కి అ చేరి లభ, వకారం ముందు దీర్ఘం వచ్చి లభా, దానికి వహే చేరి లభావహే.

ఇదే ప్రత్యయాల వరుస నాలుగు, ఆరు, పది గణాలకూ పనికొస్తుంది. నృత్యతి, లిఖతి, చోరయతి అన్నీ అకారంతో ముగిసే అంగాల మీద కట్టినవే కాబట్టి అక్కడ మారేది అంగమే గాని ప్రత్యయం కాదు.

ఉపసర్గ చేరినప్పుడు మాత్రం ధాతువు పదం మార్చేసే సందర్భాలున్నాయి. జి ధాతువుకి జయతి సరైనదే, కానీ ముందు వి గాని పరా గాని చేరితే పాణిని ఆత్మనేపదం విధించాడు. అందుకే విజయతే, పరాజయతే. స్థా కూడా అంతే, ఒంటరిగా ఉంటే తిష్ఠతి, ప్ర చేరి బయల్దేరితే ప్రతిష్ఠతే.