వెనకబడ్డ రైతు అని ఎవరన్నారు?

1954లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధక విద్యార్థి రైతుల ఇళ్లకు వెళ్లి ప్రశ్నలు అడుగుతూ తిరిగారు. ఆయన తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే: వ్యవసాయంలో కొత్తగా వచ్చినవాటిని ఎవరు ముందు అందుకుంటున్నారు, ఎవరు ఆలస్యం చేస్తున్నారు? కలుపు మందులు, రసాయన ఎరువులు, పశువుల దాణాలో కలిపే మందులు, ఎలుకల మందు వంటివి ఆయన జాబితాలో ఉన్నాయి. ఒక రైతు మాత్రం వీటిలో ఏదీ వాడనన్నారు. ఈ మందులు కొట్టి ఇరుగుపొరుగువారు పిట్టల్నీ, నేలలోని వానపాముల్నీ చంపేస్తున్నారని ఆయన వాదన. రోజర్స్ లెక్కలో ఆయనకు అందరికన్నా తక్కువ మార్కులు పడ్డాయి. దాంతో ‘ల్యాగార్డ్’ల జాబితాలో, అంటే ఈడ్చుకుంటూ వెనకబడ్డవాళ్లలో చేరిపోయారు.

కొన్ని దశాబ్దాల తర్వాత ఈ సంగతిని రోజర్సే తన పుస్తకంలో చెప్పుకున్నారు. ఆ జాబితాలో ఏమేం ఉండాలో తాను విశ్వవిద్యాలయ నిపుణుల్ని అడిగి తేల్చుకున్నానని, ఆనాటి సిఫార్సులే కొలబద్ద అయ్యాయని ఒప్పుకున్నారు. కొలబద్ద మారిస్తే ఆ రైతు సేంద్రియ సేద్యంలో అందరికన్నా ముందున్న మనిషి. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకృతి వ్యవసాయాన్ని ప్రోత్సహిస్తోంది. అక్కడి అధికారులు చూస్తే ఆయన్ని ఆదర్శ రైతు అని వేదిక ఎక్కించేవారేమో!

రోజర్స్ పుస్తకం ‘డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్’ 1962లో వచ్చింది. వ్యవసాయ విస్తరణ చదివినవాళ్లు అందులోని అయిదు వర్గాల్ని పరీక్షల కోసం బట్టీ పట్టే ఉంటారు. కొత్త పద్ధతిని అందరికన్నా ముందు చేపట్టినవారు 2.5 శాతం. వారి తర్వాత 13.5, ఆ తర్వాత 34, మళ్లీ 34 శాతం. చిట్టచివర మిగిలిన 16 శాతమే ల్యాగార్డ్స్. ఈ అంకెలు రైతుల గుణగణాల్ని చూసి వచ్చినవి కావు. ప్రతి ఒక్కరూ ఏ ఏడాది ఆ పద్ధతిని చేపట్టారో రాసి, సగటు తీసి, ఆ సగటుకు ఎవరు ఎంత దూరంలో ఉన్నారో చూసి కోసిన ముక్కలివి. కాబట్టి ఊరంతా మూడేళ్లలోనే డ్రిప్పు పెట్టించుకున్నా చివరి 16 శాతం ఉండి తీరతారు. ఆ లెక్క చెప్పేది ‘ఎప్పుడు’ అన్నది మాత్రమే. పక్కన అతికించిన పేరేమో ‘ఎలాంటివాళ్లు’ అన్నది కూడా తేల్చేస్తుంది.

పక్షపాతం లేని భాష గురించి మాట్లాడితే చాలామంది పరిశోధకులు దాన్ని మర్యాదకు సంబంధించిన విషయంగా చూస్తారు. ఎవరి మనసూ నొప్పించకుండా రాయమంటున్నారని, అలా రాస్తే విషయం పలచనవుతుందని వారి అనుమానం. వ్యవసాయ పరిశోధనల్లో మాత్రం నొప్పించే మాట ఉన్నచోటే చాలాసార్లు లెక్క కూడా తప్పుతుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ రచనా మార్గదర్శిని 2019లో ఏడో ముద్రణగా వచ్చింది. భాషలో పక్షపాతం తగ్గించడం గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది. మనుషుల్ని అధ్యయనానికి కావలసినంత నిర్దిష్టంగా వర్ణించమన్నది అందులో ముందుగా వచ్చే సూచనల్లో ఒకటి.

మన దగ్గర ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక థీసిస్ పేరాను ఊహించుకుందాం. మండలం, అంకెలు కల్పితమే గానీ, ఇలాంటి వాక్యాలు చదివినవారికి కొత్తవి కావు. “ఈ అధ్యయనంలో 120 మంది రైతులు పాల్గొన్నారు. ఎక్కువమంది నిరక్షరాస్యులు కావడం వల్ల భూసార పరీక్షలపై అవగాహన కొరవడింది. కౌలు రైతులు సంప్రదాయ భావాల కారణంగా కొత్త పద్ధతుల్ని తిరస్కరిస్తున్నారు. రైతుల భార్యలు వ్యవసాయంలో సాయపడుతున్నారు.”

మొదటి వాక్యం చూడటానికి అమాయకంగా ఉంటుంది. ‘రైతు’ అన్న మాటకు ఆడా మగా తేడా లేదు కాబట్టి అందరూ ఇమిడిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆ 120 మంది పేర్లు ఎక్కడివి? రెవెన్యూ రికార్డులోంచి తీస్తే వాళ్లు పట్టాదారులు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టా ఉన్నవారికే అందింది, కౌలుదారులకు అందలేదు. కేంద్రం 2007లో ప్రకటించిన జాతీయ రైతు విధానం ఇందుకు పూర్తిగా భిన్నం. కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, పశువుల కాపరులు, మత్స్యకారులు అందర్నీ అది రైతులుగానే లెక్కించింది. ఒకే మాటకు ఇంత తేడా ఉన్నప్పుడు “120 మంది రైతులు” అని ఊరుకుంటే పాఠకులకు ఏమీ చెప్పనట్టే. “పట్టాదారు జాబితా నుంచి ఎంచుకున్న 120 మంది, వీరిలో మహిళలు 9 మంది” అని రాస్తే, ఎవర్ని అడిగారో, ఎవర్ని అడగలేదో రెండూ తెలుస్తాయి.

ఈ జాబితా తంటా ఎంతవరకు పోతుందో రైతుల ఆత్మహత్యల లెక్కల మీద సాగిన చర్చ చూపించింది. భూమి తన పేరున లేని స్త్రీ జీవితమంతా సేద్యమే చేసినా, ఆమె మరణం రైతు మరణంగా నమోదు కాకపోవచ్చునని పాత్రికేయుడు పి. సాయినాథ్ ఎన్నో ఏళ్లుగా ఎత్తిచూపుతున్నారు.

రెండో వాక్యంలో ‘వల్ల’ అన్న రెండక్షరాలు మోయలేనంత బరువు మోస్తున్నాయి. అవగాహన లేకపోవడానికి చదువు రాకపోవడమే కారణం అనాలంటే, చదువుకున్నవారిలో ఎంతమందికి అవగాహన ఉందో పక్కన పెట్టి చూపాలి. మట్టి నమూనా తీసుకెళ్లినవారు ఫలితం చెప్పడానికి తిరిగి వచ్చారా అని కూడా అడగాలి. రానప్పుడు ఆ లోటు సేవ అందించినవారిది. రైతు తలలో ఏదో లేదని రాయడం అన్యాయమే కాదు, తప్పుడు ఫలితం కూడా. వ్యవస్థలో ఉన్న లోపాన్ని మనిషి మీదికి నెట్టే ఈ అలవాటును రోజర్స్ కూడా తన పుస్తకం తర్వాతి ముద్రణల్లో విమర్శించారు.

మూడోది అన్నిటికన్నా చిక్కు వాక్యం. ‘సంప్రదాయ భావాలు’ అన్నది ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చింది? ప్రశ్నావళిని ముందు పెట్టుకుని ప్రతి విశేషణం పక్కనా దాన్ని ఇచ్చిన ప్రశ్న నంబరు రాయమని ఒక గైడ్ పట్టుబడితే ఇలాంటి మాటలు సగం రాలిపోతాయి. నిజంగానే వైఖరిని కొలిచే స్కేలు వాడి ఉంటే, ఆ మార్కుల్ని చెప్పాలి. వాడకపోతే చూసినదాన్నే రాయాలి: “కౌలుకు చేసే 31 మందిలో 26 మంది సిఫార్సు చేసిన జిప్సం వేయలేదు.” చౌడు నేలలో జిప్సం ఫలితం తర్వాతి పంటలకూ ఉంటుంది. వచ్చే ఏడు ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలుదారు ఆ ఖర్చు ఎందుకు పెడతారు? ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే, అదీ భూ యజమాని సంతకం పెడితేనే. ఇదంతా తెలిసినవారికి ఆ 26 మంది తీరు సంప్రదాయంగా కనిపించదు, లెక్క తెలిసినవాళ్ల తీరుగా కనిపిస్తుంది. అయితే అది కూడా ఊహే. వాళ్లను అడిగి నిర్ధారించుకోకుండా రాస్తే ఒక మూసను తీసేసి ఇంకో మూస పెట్టినట్టే అవుతుంది.

ఇక ‘సాయపడే భార్యలు’. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా ఎవరో పల్లె తెలిసినవారికి చెప్పక్కర్లేదు. ఆ వాక్యానికి మూలం ఇంటర్వ్యూ జరిగిన తీరులోనే ఉంటుంది. సర్వే చేసేవారు పది గంటలకు ఊళ్లోకి వస్తారు. అప్పటికి ఆడవాళ్లు పొలంలో ఉంటారు. ఇంట్లో ఉన్న ఒకరిద్దరు “ఆయన్ని అడగండి సార్” అంటారు. ‘ఇంటి పెద్ద పేరు’ అన్న మొదటి గడి పురుషుడితో నిండుతుంది, మిగతా ప్రశ్నలన్నీ ఆయనకే పడతాయి. దీన్ని సరిదిద్దాలంటే ‘భార్యలు’ తీసేసి ‘జీవిత భాగస్వాములు’ అని పెడితే చాలదు. ఏ పని ఎవరు ఎన్ని రోజులు చేశారో అడిగి రాయాలి. అప్పుడు ‘సాయం’ అన్న మాట దానంతటదే చోటు కోల్పోతుంది.

ఇక్కడే రెండో వైపు నుంచి వచ్చే పొరపాటు గురించి కూడా చెప్పాలి. గౌరవం పేరుతో అందర్నీ ‘మహిళా రైతులు’ అనేయడం ఈమధ్య కొన్ని నివేదికల్లో కనిపిస్తోంది. విధానానికి ఆ విస్తృత అర్థం మంచిదే. కూలి రేట్ల పట్టికలో మాత్రం అది ముంచుతుంది. కూలి పెరిగితే కూలికి వెళ్లే మనిషికి లాభం, కూలీల్ని పెట్టుకునే మనిషికి ఖర్చు. ఇద్దర్నీ ఒకే గంపలో వేస్తే ఫలితం ఎవరిదీ కాకుండా పోతుంది. అలాగే హెక్టారులోపు భూమి ఉంటే సన్నకారు, ఒకటి నుంచి రెండు హెక్టార్లయితే చిన్నకారు అన్నది లెక్క ఉన్న వర్గీకరణ. దాని బదులు ‘పేద రైతులు’ అని జాలి చూపిస్తే ఆ లెక్కే పోతుంది. ఎస్సీ రైతుల మీద చేసిన అధ్యయనంలో వారిని ‘బలహీన వర్గాలు’ అనడమూ అంతే. కులం పేరు ఎత్తడం ఇబ్బందనిపించి వాడే ఆ మాట తెలుగులో బీసీలను కూడా గుర్తు చేస్తుంది.

మరి ‘ల్యాగార్డ్స్’ అన్న పదాన్ని ఏం చేయాలి? అది పాఠ్యపుస్తకంలో ఉంది, పరీక్షలో అడుగుతారు, వాడకుండా కుదరదు. రోజర్స్ వర్గీకరణలో ఆ పేరుతో పిలిచే వర్గం అని ఒకసారి చెప్పి, సొంత ఫలితాల దగ్గరికి వచ్చేసరికి “2021 తర్వాత చేపట్టినవారు”, “ఇప్పటిదాకా చేపట్టనివారు” అని రాసుకోవచ్చు. ఈ రెండు గుంపులూ ఒకటి కావు కూడా. పాత పేరు ఆ తేడాను మింగేస్తుంది.

తెలుగులో రాసేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఒకే అధ్యాయంలో వ్యవసాయ అధికారి “తెలిపారు”, పెద్ద రైతు “అన్నారు”, కూలికి వెళ్లే స్త్రీ “చెప్పింది”. ఇంగ్లిషులో ముగ్గురికీ ఒకే క్రియ సరిపోతుంది, తెలుగులో క్రియే హోదా చెప్పేస్తుంది. అందరికీ ‘రు’ వాడితే ఇది తీరుతుంది. మాండలికం సంగతే అంత తేలిక కాదు. కూలీ మాటల్ని యాసతో సహా అచ్చంగా దించి, అధికారి మాటల్ని గ్రాంథికానికి దగ్గరగా ఇస్త్రీ చేసి పెట్టడం మన థీసిస్‌లలో మామూలే. సహజత్వం కోసం అంటారు. రికార్డు చేసిన మాటను ఉన్నదున్నట్టు ఇస్తే ఇద్దరిదీ అలాగే ఇవ్వాలి, మార్చితే ఇద్దరిదీ మార్చి, ఆ సంగతి పద్ధతుల అధ్యాయంలో చెప్పాలి. టేపు మళ్లీ వింటే అధికారి కూడా “ఏముందండీ, కార్డులైతే పంచేశాం గానీ ఎవడు సూస్తాడు” అనే అని ఉంటారు.