ముందు నిరూపణ, తరువాత లెక్క

ఇక్కడి విశ్వవిద్యాలయాలలో గణితం మేజరుగా తీసుకున్న పిల్లలకి రెండో ఏడో మూడో ఏడో రియల్ ఎనాలిసిస్ అనే కోర్సు ఎదురవుతుంది. కేల్కులస్‌లో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఇక్కడ తడబడుతూ ఉంటారు. ఈ పరీక్షలో "విలువ ఎంత?" అని అడగరు, "నిరూపించు" అంటారు. సాధారణంగా ప్రశ్నలు రెండు రకాలు. క్లాసులో చెప్పిన సిద్ధాంతాన్ని పుస్తకం చూడకుండా నిరూపించమనేది మొదటి రకం. ఎన్నడూ చూడని చిన్న ప్రతిపాదనని నిరూపించమనేది రెండో రకం.

మొదటి దానికి జ్ఞాపకశక్తి, రెండో దానికి తెలివి కావాలనుకుని పిల్లలు చదువుని రెండు ముక్కలు చేసుకుంటారు. సెమిస్టరంతా హోంవర్కు లెక్కలు, ఆఖరి వారంలో నిరూపణలు బట్టీ. ఈ కోర్సు చెబుతూ నేను గమనించినంతలో ఈ రెండూ ఒకే పూట జరగాలి. అందులోనూ చూడకుండా నిరూపణ రాయడం ముందు, దానికి సంబంధించిన లెక్కలు తరువాత. ఎందుకో ఒక్క సిద్ధాంతాన్ని పట్టుకుని చెబుతాను.

ఒక ప్రమేయం గీత ఎక్కడా తెగకుండా సాగితే దానిని అవిచ్ఛిన్నం అంటాం. క్లాసులో దీనినే కంటిన్యుయస్ అంటారు. అంటే x కొంచెం కదిలితే f(x) కూడా కొంచెమే కదులుతుంది. కానీ ఎంత "కొంచెం" అన్నది చోటుని బట్టి మారవచ్చు. అన్ని చోట్లకీ ఒకే కొలత సరిపోతే అది ఏకరూప అవిచ్ఛిన్నత, అంటే యూనిఫాం కంటిన్యుయిటీ. సిద్ధాంతం ఏమిటంటే, [a, b] అనే అంతరం మీద, అంటే రెండు చివరి బిందువులనీ కలుపుకున్న అంతరం మీద, అవిచ్ఛిన్నమైన ప్రమేయం ఏదైనా ఏకరూపంగా కూడా అవిచ్ఛిన్నమే.

నిరూపణ నాలుగు అడుగులు. మొదటిది: సిద్ధాంతం తప్పనుకుందాం. అప్పుడు ఏదో ఒక ధన సంఖ్య ε ఉంటుంది. ప్రతి n కీ |xₙ − yₙ| < 1/n అయినా |f(xₙ) − f(yₙ)| ≥ ε అయ్యే జంట ఒకటి దొరుకుతుంది. రెండోది: xₙ లన్నీ a కీ b కీ మధ్యే ఉన్నాయి కనక బొల్జానో-వైయర్‌స్ట్రాస్ సిద్ధాంతం ప్రకారం వాటిలోంచి ఏరిన ఒక వరస ఏదో ఒక c వైపు చేరుతుంది. ఆ c కూడా [a, b] లోనే ఉంటుంది. మూడోది: జంటలోని సంఖ్యల మధ్య ఎడం 1/n కన్న తక్కువ కాబట్టి, వాటికి జతగా ఉన్న yₙ లు కూడా అదే c కి చేరతాయి. నాలుగోది: c దగ్గర f అవిచ్ఛిన్నం కాబట్టి f విలువల వరసలు రెండూ f(c) కే చేరాలి. అలాంటప్పుడు వాటి మధ్య ఎడం ఎప్పుడూ ε కి తగ్గకుండా ఉండడం అసాధ్యం.

పాఠం విన్న మర్నాడు తెల్ల కాగితం మీద ఇది రాయమంటే చాలామంది నాలుగు అడుగులూ వేస్తారు. "ఆ c కూడా [a, b] లోనే ఉంటుంది" అన్న చిన్న వాక్యం మాత్రం జారిపోతుంది. పుస్తకం తెరిచి చదువుకున్నప్పుడు ఈ లోపం కనపడదు. కన్ను ఆ వాక్యం మీద నుంచి సాఫీగా వెళ్ళిపోతుంది. చూడకుండా రాసి, పుస్తకంతో పోల్చి, ఎర్ర సిరాతో దిద్దుకుంటేనే బయటపడుతుంది. దిద్దేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: సిద్ధాంతంలో ఇచ్చిన ప్రతి షరతూ నా నిరూపణలో ఏ వాక్యంలో ఖర్చయింది? అంతరం పరిబద్ధం, అంటే హద్దులున్నది, అన్న షరతు బొల్జానో-వైయర్‌స్ట్రాస్‌లో ఖర్చయింది. చివరి బిందువులు కలిసే ఉన్నాయన్న షరతు ఆ చిన్న వాక్యంలో ఖర్చయింది. ఎక్కడా ఖర్చు కాని షరతు మిగిలిందంటే నిరూపణలో కన్నం ఉన్నట్టే.

ఇప్పుడు లెక్కకి వద్దాం. (0, 1) మీద, అంటే చివరి బిందువులు లేని అంతరం మీద, f(x) = 1/x ఏకరూపంగా అవిచ్ఛిన్నం కాదని చూపించాలి. ఇందాకటి నిరూపణ చేతిలో ఉన్నవాళ్ళకి ఎక్కడ వెతకాలో తెలుసు: జంటలు చేరే c అంతరం బయట పడాలి, అంటే 0 దగ్గర. xₙ = 1/(n+1), yₙ = 1/(n+2) తీసుకుంటే ఎడం సున్నకి దిగిపోతుంది, f విలువల తేడా మాత్రం ఎప్పుడూ 1. మరో లెక్క: (0, 1) మీద అవిచ్ఛిన్నమైన f కి రెండు చివర్లా పరిమితమైన అవధులు ఉంటే అది ఏకరూపంగా అవిచ్ఛిన్నమని చూపించు. లోటల్లా చివరి బిందువులదే కదా! ఆ అవధులనే f(0), f(1) అని పెట్టేస్తే f మొత్తం [0, 1] మీద అవిచ్ఛిన్నమవుతుంది, సిద్ధాంతం అక్కడ వర్తిస్తుంది. ఎర్ర సిరా పడిన చోటే లెక్కకి తాళంచెవి దొరికింది. లెక్కలు ముందు చేసి నిరూపణ తరువాతికి వాయిదా వేసినవాళ్ళు ఇదే లెక్క మీద గంట కూర్చోవడం చూశాను.

ఇక కాలపట్టిక. పరీక్షకి 8 వారాలుందనీ, నేర్చుకోవలసిన ముఖ్య సిద్ధాంతాలు 18 అనీ అనుకుందాం. మొదటి 6 వారాల్లో వారానికి మూడు చొప్పున చేర్చుకోవాలి. ఒక్కొక్కటీ పాఠం విన్న మర్నాడు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, ఆ పై వారానికి ఒకసారి, ఆఖరి రెండు వారాల్లో మరొకసారి చూడకుండా రాయాలి. దిద్దుకోవడంతో కలిపి విడతకి 15 నిమిషాలనుకుంటే, 72 విడతలకి 18 గంటలు. వారానికి ఐదు రోజుల లెక్కన రోజుకి అరగంట లోపే. ఆ అరగంట తరువాత గంటో గంటన్నరో లెక్కలు. లెక్కల్లో ఒకటైనా ఆ పూట రాసిన సిద్ధాంతంలోంచి ఒక షరతు తీసేస్తే ఏమవుతుందో అడిగేదిగా ఉండాలి. ఆఖరి రెండు వారాల్లో కొత్త సిద్ధాంతం చేర్చకూడదు.

ఈ పట్టిక గుడ్డిగా నడవదు. రాసింది దిద్దినప్పుడు మాటల తేడాలే దొరికితే తరువాతి గడువుకి వెళ్ళవచ్చు. జంటల్ని ఎంచుకోవడమనే ముఖ్య ఆలోచనే తట్టకపోతే ఆ సిద్ధాంతం మళ్ళీ మర్నాటికి రావాలి. పది నిమిషాలు కలం కదలకపోతే పుస్తకంలో ఒక్క అడుగు మాత్రం చూసి, మూసి, మిగతాది రాయాలి.

ఇలా చూడకుండా రాయడానికి ఆధారం ఉంది. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో ఐదు నిమిషాల తరువాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ఎక్కువ చెప్పగలిగారు. వారం తరువాత అడిగితే మాత్రం చూడకుండా రాసుకున్నవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. అయితే ఆ ప్రయోగాలు చిన్న వ్యాసాల మీద చేసినవి, గణిత నిరూపణల మీద కాదు.

మనం చిన్నప్పుడు ఎక్కాలూ పద్యాలూ అప్పజెప్పినవాళ్ళం. అందుకని పిల్లలు నిరూపణ గడగడా రాసేస్తుంటే వచ్చేసిందనుకుంటాం. అది అప్పజెప్పడమో అర్థమవడమో తేల్చడానికి తల్లిదండ్రులకి ఎనాలిసిస్ తెలియనక్కరలేదు. ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడగండి. ఫలానా ఉదాహరణలో సిద్ధాంతం కూలిపోతుందని చెప్పగలిగితే ఆ కాగితాన్ని తరువాతి గడువుకి పంపవచ్చు. "పుస్తకంలో అలాగే ఉంది" అన్నది జవాబైతే దాని తరువాతి గడువు రేపే.